అప్‌డేట్: కలిసిన మర్నాడే రిప్లై ఆపేసే అబ్బాయి

నేను అడిగింది: "కర్నూలులో కలిసినప్పుడు బాగుంటాడు, మర్నాడు రిప్లై ఉండదు. నేనంటే ఇష్టం లేదా?"

పాత చాట్ మొత్తం చదివాను. కొండారెడ్డి బురుజు దగ్గర వాళ్ల నాన్న గురించి మొదటిసారి మనసు విప్పిన రాత్రి తర్వాతే 2 రోజులు మాయమయ్యాడు. దగ్గరైనప్పుడే దూరం జరుగుతున్నాడు, మీరన్న అవాయిడెంట్ పద్ధతి అదే. ఆ 2 రోజుల్లో నావి 11 మెసేజ్‌లు. చివరిది, "సరే, ఇక డిస్టర్బ్ చెయ్యను." కంగారుపడి వస్తాడని పెట్టాను, ఇంకా ముడుచుకుపోయాడు.

ఈసారి ఒక్కటే పెట్టాను: "కాస్త ఒంటరిగా ఉండాలంటే ఉండు, ఎప్పుడు మాట్లాడతావో మాత్రం చెప్పు." "గురువారం రాత్రి" అన్నాడు. బుధవారమంతా ఫోన్ బియ్యం డబ్బా మీద పెట్టి, పదేపదే వెళ్లి చూశాను. గురువారం తనే చేశాడు. ఇష్టం లేనివాడు అలా మాట నిలబెట్టుకోడనిపించింది, అయినా ఇంకో 2 సార్లు చూస్తాను.