మైదా కడిగి సీతాన్ చేస్తే ముక్క లోపల చప్పగా ఉంటోంది, ఎక్కడ తప్పు?

ఉప్పల్_శాకాహారి:
కిలో మైదా ముద్ద కలిపి, కడిగి, వచ్చిన జిగురును ముక్కలు కోసి నీళ్లలో ఉడికించి మసాలా గ్రేవీలో వేశాను. గ్రేవీ బాగుంది. ముక్క కొరికితే మాత్రం తడి స్పాంజి, ఉప్పు కూడా తెలియదు. కోసి చూస్తే బ్రెడ్డులా బొక్కలు. ఇంకా ఎక్కువసేపు కడగాలా?

చార్మినార్_చెంచా:
అవును బ్రదర్, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. పిండి మిగిలితే మసాలా పట్టదు.

నల్లకుంట_వంటిల్లు:
సగం నిజం అండి. మొదటి రెండు నీళ్లు పాలలా చిక్కగా వస్తాయి, అవి పోవాల్సిందే. నాలుగైదు సార్లు మార్చాక నీళ్లు పల్చటి మజ్జిగలా కనిపిస్తే ఆపేయాలి. పూర్తిగా తేటపడేదాకా కడిగితే మిగిలేది రబ్బరు. కాస్త పిండి ఉంటేనే పళ్లకు మెత్తగా ఉంటుంది.

కిలో మైదాకు 600 మి.లీ. నీళ్లతో కలిపి పది నిమిషాలు గట్టిగా పిసకండి. ముద్ద మునిగేలా నీళ్లు పోసి గంట వదిలేయండి. ఈ గంట ఎగ్గొడితే కడిగేటప్పుడు ముద్ద తునకలవుతుంది. అలా అయినా పారబోయొద్దు. జల్లెడలోకి వంచి పది నిమిషాలు కదపకుండా ఉంచి, దగ్గరకు నొక్కితే మళ్లీ అతుక్కుంటుంది. చివరికి సుమారు 300 గ్రాముల తడి జిగురు వస్తుంది.

చప్పదనానికి కారణం వేరే. మీరు ఉప్పు వేసింది గ్రేవీలోనే కదా?

ఉప్పల్_శాకాహారి:
అవునండి. ఉడికించింది ఉత్త నీళ్లలోనే.

నల్లకుంట_వంటిల్లు:
అదే సంగతి. ఉడికేటప్పుడు జిగురు నీళ్లు తాగుతుంది. చప్పటి నీళ్లు తాగి కడుపు నింపుకున్నాక గ్రేవీకి చోటేదీ? రుచి రెండుసార్లు ఎక్కించాలి, ఉడకకముందు ఒకసారి, ఉడికే నీళ్లలో ఒకసారి.

కడిగిన జిగురును జల్లెడలో అరగంట ఉంచి నీళ్లు ఓడ్చండి. తడిగా ఉంటే మసాలా జారిపోతుంది. 300 గ్రాములకు చెంచా ఉప్పు, రెండు చెంచాల శనగపిండి, అర చెంచా మిరియాల పొడి, కరకరలాడేలా వేయించి పొడి చేసిన ఉల్లిపాయ రెండు చెంచాలు. జిగురును చపాతీలా సాగదీసి, పొడి చల్లి, మడిచి, మళ్లీ సాగదీయండి. ఏడెనిమిది మడతలకు గీతలు గీతలుగా కలుస్తుంది. మొదట్లో వెనక్కి లాగేసుకుంటుంది, పది నిమిషాలు వదిలితే దారికొస్తుంది. పొడులు మెత్తగా ఉండాలి, బరక మసాలా జిగురును చింపేస్తుంది.

అంబర్‌పేట_అన్న:
మీల్ మేకర్ లెక్క వేడి నీళ్లల్ల నానబెట్టి పిండితే సరిపోదా? గింత కష్టమెందుకు?

నల్లకుంట_వంటిల్లు:
అన్నా, మీల్ మేకర్ ఉడికి ఎండిన సరుకు, పిండితే నీళ్లు వదిలి మళ్లీ పీలుస్తుంది. ఇది పచ్చి జిగురు, దారి వేరు.

బిర్యానీ_పొట్లం:
ఉడికించే నీళ్ల గురించి నా మాట. లీటరున్నర నీళ్లకు మూడు చెంచాల ఉప్పు, మూడు గరిటెల సోయా సాస్, కోసిన టమాటాలు రెండు. గుడ్డ మూటలో రాతిపువ్వు, షాజీరా, దాల్చినచెక్క, నల్ల యాలక. నాలుక మీద వేసుకుంటే తాగలేనంత ఉప్పగా ఉండాలి. జిగురును తాడులా మెలిపెట్టి ముడి వేసి, నూనెలో నాలుగువైపులా ఎర్రగా కాల్చాకే నీళ్లలో వేయండి. పైన తోలు కట్టినట్టు గట్టిపడి తక్కువ ఉబ్బుతుంది.

మంట సంగతి ముఖ్యం. గిన్నె అంచున మాత్రమే చిన్న బుడగలు లేవాలి, గంటసేపు. కుతకుత మరిగితే లోపల ఆవిరి ఉబ్బి మీరు చెప్పిన బొక్కలు పడతాయి. ఆ నీళ్లలోనే చల్లార్చి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నకి ముక్క బిగుస్తుంది, ఉప్పు నడిమిదాకా చేరుతుంది. చాకుతో కోయకుండా చేత్తో చీల్చండి. గరుకు అంచులకే గ్రేవీ పట్టుకుంటుంది.

చార్మినార్_చెంచా:
కుక్కర్లో మూడు విజిల్స్ పెడితే గంట మిగులుతుందిగా?

బిర్యానీ_పొట్లం:
కొందరు గుడ్డలో గట్టిగా చుట్టి పెడతారు, అప్పుడు ఉబ్బదంటారు. విడిగా వేస్తే నాకు ప్రతిసారీ స్పాంజే అయింది భయ్యా.

సఫిల్‌గూడ_సుధ:
నేను మర పట్టించిన గోధుమపిండితో చేశాను. సగం నీళ్లలోనే పోయింది, మిగిలింది గరగరలాడింది. బోరు నీళ్ల వల్లా?

నల్లకుంట_వంటిల్లు:
నీళ్లది కాదమ్మా, పొట్టుది. పొట్టు తునకలు జిగురు పోగుల్ని తెంపుతాయి. సగం మైదా కలిపితే నిలుస్తుంది. బోరు నీళ్లు జిగురును గట్టిపరుస్తాయే కానీ చెడగొట్టవు.

సఫిల్‌గూడ_సుధ:
మరి మంజీరా నీళ్ల రోజు మెత్తగా, బోరు రోజు గట్టిగా రావడం నేను రెండుసార్లు చూశాను. ఎవరైనా పక్కపక్కన చేసి చెప్పండి.

అంబర్‌పేట_అన్న:
గది సరే, కడిగిన నీళ్లు ఏం జేయాలె? సింకుల పోస్తే పైపు పట్టేసింది.

బిర్యానీ_పొట్లం:
అవి గోధుమ పాలే కదన్నా! మూడు గంటలు తేరనిచ్చి పైనీళ్లు వంపేయ్. అడుగున పేరుకున్న ముద్దతో హల్వా తిప్పుకో, కానీ అదే రోజు. తెల్లారితే పులుస్తది.