ఒకే హబ్‌పై రెండు వెబ్‌క్యామ్‌లు: తప్పు హబ్‌దా, పోర్టు సామర్థ్యానిదా?

విజయనగరం, ట్యూషన్ టీచర్: నా డెస్క్‌టాప్‌లో ఉబుంటు ఉంది. ముఖానికి ఒకటి, నోటుపుస్తకం చూపడానికి ఒకటి, రెండు వెబ్‌క్యామ్‌లను ఒకే యూఎస్‌బీ 3 హబ్‌కు పెట్టాను. విడివిడిగా బాగానే పనిచేస్తాయి. కలిపి నడిపితే రెండోది రాదు, లేదా మొదటిది చివరి బొమ్మ దగ్గరే ఆగిపోతుంది. హబ్ మార్చాలా, కెమెరా మార్చాలా?

బొబ్బిలి, కంప్యూటర్ రిపేరు షాపు: మేడమ్, హబ్‌కు పెట్టినవన్నీ ఒకే తీగ గుండా వెళ్లాలి కాబట్టి వాటికి దొరికే వేగం పంచుకోక తప్పదు. అయితే మీది సెకనుకు 5 గిగాబిట్ల హబ్. దానికి రెండు కెమెరాలు ఒక లెక్క కాదు. అందుకే హబ్‌లోనే లోపం ఉందనుకుంటున్నాను. హబ్‌కు పెన్‌డ్రైవ్ ఏదైనా పెట్టి ఉంటే ముందు అది తీసేసి చూడండి, అప్పటికీ ఆగితే హబ్ మార్చండి.

పలాస: నాకూ ఇలాగే జరిగింది. లాగ్‌లో చూస్తే `No space left on device` అని వచ్చింది. డిస్క్ నిండిందని పాత వీడియోలన్నీ తీసేశాను, అయినా మార్పు లేదు. మీరు డిస్క్ ఎంత ఖాళీగా ఉందో చూశారా?

శ్రీకాకుళం, లినక్స్ సర్వర్ల నిర్వహణ: పలాస మిత్రులు చూసిన సందేశమే ఇక్కడ అసలు ఆధారం, కానీ అందులోని ఖాళీకి డిస్క్‌తో సంబంధం లేదు. వీడియో మొదలుపెట్టమని అడిగినప్పుడు ఆ సందేశం వస్తే, యూఎస్‌బీ బస్సులో, అంటే పరికరాలన్నీ పంచుకునే డేటా దారిలో, కెమెరా అడిగినంత చోటు మిగల్లేదని అర్థం.

బొబ్బిలి మిత్రులు పంపకం గురించి చెప్పింది నిజం, 5 గిగాబిట్ల మాట మాత్రం ఇక్కడ చెల్లదు. యూఎస్‌బీ 3 హబ్‌లో నిజానికి రెండు హబ్‌లు పక్కపక్కనే ఉంటాయి, యూఎస్‌బీ 2 కెమెరాను నీలం రంగు పోర్టుకు పెట్టినా అది 480 మెగాబిట్ల వైపే నడుస్తుంది. మేడమ్, ఈ కమాండ్ ఇచ్చి చూడండి:

```
lsusb -t
```

హబ్ 480M అని ఒకచోట, 5000M అని మరోచోట కనిపిస్తుంది. కెమెరాలు రెండూ 480M కిందే ఉంటే నా మాట సరిపోయినట్టే.

ఇక లెక్కకు వస్తాను. బస్సు సెకనుకు 8000 విడతలుగా నడుస్తుంది, ఒక్కో విడతలో 7500 బైట్లు పడతాయి. ముందుగా చోటు కట్టిపెట్టుకునే కెమెరా, మైకు వంటి వాటికి అందులో 80 శాతం, అంటే 6000 బైట్లు దాటి ఇవ్వరు. కుదించని 640×480 వీడియో సెకనుకు 30 బొమ్మల చొప్పున పంపాలంటే విడతకు 2304 బైట్లు కావాలి. కానీ కెమెరా తనలో ముందే నిర్ణయించి ఉన్న కొన్ని పరిమాణాల్లోంచే ఒకటి ఎంచుకుంటుంది కాబట్టి, చాలా కెమెరాలు గరిష్ఠమైన 3072 అడుగుతాయి. రెండు కెమెరాలకు 6144 అవుతుంది, ఉన్నదేమో 6000. పెళ్లి పందిరిలో రుమాలు వేసి ఆపుకున్న కుర్చీలాగా, కెమెరా కట్టిపెట్టుకున్న చోటు వాడకపోయినా మరొకరికి దక్కదు.

మొదటిది ఆగిపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు. నడుమ సాఫ్ట్‌వేర్ బొమ్మ పరిమాణం మార్చాలనుకుంటే పాత చోటు వదిలి కొత్తగా అడగాలి. ఆ క్షణంలో రెండో కెమెరా ఆ చోటు తీసుకుంటే మొదటిదానికి మళ్లీ దొరకదు, తెరమీద చివరి బొమ్మే నిలిచిపోతుంది.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో ఫార్మాట్ కుదించని YUYV బదులు కుదించిన MJPEG ఎంచుకోండి. అయితే కొన్ని కెమెరాలు కుదించిన వీడియోకు కూడా 3072 అడుగుతాయి. అటువంటప్పుడు ఒక కెమెరాను హబ్ నుంచి తీసి సీపీయూ వెనుక పోర్టుకు నేరుగా పెట్టాలి. ఇది కొన్ని బోర్డుల్లో సరిపోతుంది, కొన్నింట్లో ఆ పోర్టు కూడా అదే కోటాలోకి వస్తుంది, అక్కడ విడిగా యూఎస్‌బీ కార్డు వేసుకోవాలి.

బొబ్బిలి, కంప్యూటర్ రిపేరు షాపు: లెక్క ఒప్పుకుంటాను. కానీ మా షాపుకు వచ్చే ఒకరి సిస్టమ్‌లో ఉన్నది ఒకే కెమెరా, పెన్‌డ్రైవ్‌కు ఫైళ్లు కాపీ చేస్తున్నంతసేపూ అది ఆగుతోంది. అది పంపకం వల్ల కాదంటారా?

శ్రీకాకుళం, లినక్స్ సర్వర్ల నిర్వహణ: పెన్‌డ్రైవ్‌కు మిగిలిన చోటే దక్కుతుంది, కెమెరా కట్టిపెట్టుకున్నదాన్ని అది లాక్కోలేదు. అలా చోటు కట్టుకోకుండా పంపే కెమెరాలు కూడా కొన్ని ఉన్నాయి, మీరు చెప్పింది వాటి విషయంలో నిజం కావచ్చు. అంతకంటే ముందు కరెంటును అనుమానించాలి. అడాప్టర్ లేని హబ్ అయితే ఒకే పోర్టు ఇచ్చే కరెంటును అన్నీ పంచుకుంటాయి. కెమెరా ఆగిన క్షణంలో లినక్స్ లాగ్ చూపే `dmesg`లో `USB disconnect` అని వస్తే కరెంటునో కేబుల్‌నో చూడాలి, చోటు లెక్క అక్కర్లేదు.

విజయనగరం, ట్యూషన్ టీచర్: కెమెరాలు రెండూ 480M కిందే ఉన్నాయి. MJPEG పెట్టినా రెండోది రాలేదు. నోటుపుస్తకం కెమెరాను వెనుక పోర్టుకు మార్చాక రెండూ నడుస్తున్నాయి. హబ్ అదే ఉంచాను.

బొబ్బిలి, కంప్యూటర్ రిపేరు షాపు: ఆ సిస్టమ్ హబ్‌కు అడాప్టర్ లేదు. కానీ వారు వాడేది విండోస్, కాబట్టి `dmesg` చూడలేను. అడాప్టర్ ఉన్న హబ్ పెట్టి, అదే పెన్‌డ్రైవ్‌కు కాపీ చేస్తూ కెమెరా నడిపి చూస్తాను.