మోకాలి దెబ్బ గురించి యోగా టీచర్‌కి చీటీ: ఆసనాల పేర్లు రాస్తే చాలా?

నెమ్మదినడక: కుడి మోకాలి లోపలివైపు మెనిస్కస్, అంటే కీలు మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, చిరిగి 11 వారాలైంది. ఆపరేషన్ లేదు. బరువు మోపినప్పుడు 90 డిగ్రీలు దాటి వంచొద్దని, మెలితిప్పొద్దని ఫిజియో చెప్పారు. టీచర్‌కి ఇలా రాశాను: "మోకాలు కోలుకుంటోంది. పద్మాసనం, వజ్రాసనం, మాలాసనం చేయను. మిగతావి చేస్తాను." ఇది చాలా?

చాపమీద: చాలు. నేను చాలా ఏళ్లుగా నేర్పుతున్నాను, పేర్లు చెబితే మిగతాది టీచరే చూసుకుంటారు. వజ్రాసనం కూడా పూర్తిగా మానక్కర్లేదు, పిరుదుల కింద దిండు పెట్టుకుంటే సరి.

కీలుబందు: చాలదండీ. "మిగతావి చేస్తాను" అన్న మాటే ప్రమాదం. వీరభద్రాసనం మీ జాబితాలో లేదు. అందులో పాదం నేలకి అతుక్కుని ఉండగా ముందు మోకాలు లోపలికి వాలిపోతే, ఆ మెలిక మెనిస్కస్ మీద పడుతుంది. అడుగు దూరం తగ్గించి, సగమే వంచి, మోకాలు రెండో కాలివేలి వైపు చూసేలా నిలబడితే మీరు అదే ఆసనం చేయొచ్చు. పక్కకి తిరిగేటప్పుడు బరువు మోపిన పాదాన్ని నేలమీద తిప్పొద్దు, ఎత్తి పెట్టండి. నొప్పి తిరగబెట్టేది ఆసనంలోనే కాదు, ఒక దాన్నుంచి ఇంకో దానికి మారేటప్పుడు కూడా. దిండు సంగతికొస్తే, ఒక్క దిండుతో మోకాలి వంపు 90కి రాదు, చాలా ఎక్కువే ఉంటుంది. ప్రస్తుతానికి కుర్చీలో కూర్చోవడమే మేలు.

చాపమీద: దిండుతో కోలుకున్నవాళ్లని నేను కళ్లారా చూశాను.

కీలుబందు: చూసి ఉంటారు. వాళ్ల దెబ్బ ఏమిటో, అది ఎన్నో వారమో కూడా చెప్పండి మరి.

పొద్దున్నేలేచి: నాకు మోకాలి చిప్ప నొప్పి, వజ్రాసనం మానేశాక తగ్గింది. మీరూ మానేయండి.

కీలుబందు: చిప్ప నొప్పి వేరు, ఇది వేరు.

పాతదెబ్బ: పేర్లూ డిగ్రీలూ అంటూ కొట్టుకుంటున్నారు గానీ అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. నేను చీటీ ఇచ్చాను, నోటితోనూ చెప్పాను. బద్ధకోణాసనంలో కూర్చుంటే టీచర్ వెనకనుంచి వచ్చి రెండు మోకాళ్లూ కిందికి నొక్కారు, "భయపడకండి, తెరుచుకుంటాయి" అంటూ. తుంటి తెరుచుకోలేదు, మోకాలే తెరుచుకుంది. మూడు వారాలు మెట్లు ఎక్కలేకపోయాను. చీటీలో మొదటి వాక్యం "నా కాలిని చేత్తో నొక్కొద్దు" అనే ఉండాలి.

చాపమీద: ఒకరు తప్పు చేస్తే అందరు టీచర్లూ అంతేనా? తాకొద్దు, ఇది చేయించొద్దు, అది చేయించొద్దు అని కాగితం చేతిలో పెడితే నేర్పేదెలా? క్లాసులో ఇరవై మంది ఉంటారు.

పాతదెబ్బ: ఇరవై మంది ఉన్నారనే నొక్కొద్దంటున్నాను. నొప్పి నాకు తెలుస్తుంది, మీ చేతికి తెలియదు కదా.

చాపమీద: నొప్పికి, లాగినట్టు ఉండటానికి తేడా చాలామంది విద్యార్థులకి తెలియదు. కాస్త లాగగానే ఆపేస్తారు. నా బాధ అది.

కీలుబందు: ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను. తొడ వెనక కండ లాగినట్టుంటే ఫర్వాలేదు. మోకాలి కీలు దగ్గర లోపలివైపు గిల్లినట్టు ఉంటే అక్కడే ఆపాలి. కీలు పట్టేసి చాచలేకపోయినా, కాలు ఉన్నట్టుండి జారినట్టైనా క్లాసు ఆపి డాక్టర్‌కి చూపించుకోవాలి. మర్నాడు ఉదయం రెండు మోకాళ్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, వాపు కనిపిస్తే ముందురోజు చేసింది ఎక్కువైనట్టే. ఇది టీచర్ చూడలేరు, మీరే చూసుకుని చెప్పాలి.

ఆకుపచ్చ: పద్మాసనం బదులు ఏం చేయాలి?

కీలుబందు: సుఖాసనం కూడా ఇప్పుడే వద్దు. కుర్చీ, లేదా కాళ్లు చాచి దండాసనం, మోకాలి కింద చిన్న తువ్వాలు చుట్ట. పద్మాసనంలో తుంటి తిరగకపోతే ఆ మెలిక మోకాలు భరించాల్సి వస్తుంది, అదే చిక్కు.

నెమ్మదినడక: మళ్లీ రాశాను. "కుడి మోకాలి మెనిస్కస్ చిరిగింది, 11వ వారం. బరువు మోపి 90 దాటి వంచను, పాదం ఆనించి మెలితిప్పను. అందుకే మాలాసనం బదులు కుర్చీ నుంచి సగం లేవడం, వజ్రాసనం, పద్మాసనం బదులు కుర్చీ. వీరభద్రాసనంలో చిన్న అడుగు. సూర్యనమస్కారంలో కాలు వెనక్కి వేసి మోకాలు ఆనించే భాగం వదిలేస్తాను. సేతుబంధాసనం చేస్తాను. దయచేసి కాలిని చేత్తో సర్దకండి, నోటితో చెప్పండి. గిల్లినట్టుంటే చెయ్యెత్తి ఆపేస్తాను."

పాతదెబ్బ: చేత్తో సర్దకండి అన్నది పైకి తీసుకెళ్లండి.

చాపమీద: కాగితం బాగుంది. నాకు ఇచ్చి ఉంటే, "సర్దకండి" అనే చోట "నన్ను అడిగి సర్దండి" అని మార్చమనేదాన్ని.

పాతదెబ్బ: నేను మార్చను.

నెమ్మదినడక: మొదటి నెల "సర్దకండి" అనే ఉంచుతాను. తర్వాత ఏం చేయాలో ఫిజియోని అడుగుతాను.