మ్యారేజ్ సర్టిఫికెట్ స్పానిష్‌లోకి మార్పించాలి, అపోస్టిల్ ముందా ట్రాన్స్‌లేషన్ ముందా? (గుంటూరు)

శిరీష, గుంటూరు: అందరికీ నమస్తే అండి. మా ఆయన బార్సిలోనాలో పనిచేస్తున్నారు, ఫ్యామిలీ రీయూనిఫికేషన్ పర్మిషన్ అక్కడ వచ్చేసింది, ఇప్పుడు ఇక్కడ వీసాకి మా మ్యారేజ్ సర్టిఫికెట్, బాబు బర్త్ సర్టిఫికెట్ స్పానిష్‌లో పెట్టాలంట. బ్రాడీపేటలో ఒక సెంటర్లో అడిగితే ట్రాన్స్‌లేట్ చేసి నోటరీ స్టాంపు కొట్టించి ఇస్తాం సరిపోద్ది అన్నారు. చేయించేసుకోనా? మ్యారేజ్ సర్టిఫికెట్ మొత్తం తెలుగులోనే ఉంది.

రమేష్, విజయవాడ: సరిపోద్ది అమ్మా. మా అబ్బాయికి అమెరికా గ్రీన్‌కార్డుకి మా పక్కింటి లెక్చరర్ గారే ఇంగ్లీషులోకి రాసి, నాకు రెండు భాషలూ వచ్చు అని సంతకం పెట్టిచ్చారు, ఎవరూ ఏమీ అనలేదు. నోటరీ కూడా పెడితే ఇంకా గట్టిగా ఉంటది.

కిరణ్, వలెన్సియా (మాది తెనాలి): రమేష్ గారూ, అమెరికాకి అది కరెక్టే, స్పెయిన్‌కి పనికిరాదండి. శిరీష గారూ ఆ సెంటర్లో డబ్బులు కట్టొద్దు. మన నోటరీ ఆ సంతకం ఎవరిదో చెప్తాడు అంతే, ట్రాన్స్‌లేషన్ కరెక్టని చెప్పడానికి స్పెయిన్ దగ్గర అతనికి ఏ గుర్తింపూ లేదు. వాళ్ళ విదేశాంగ శాఖ పరీక్ష పెట్టి టైటిల్ ఇచ్చిన స్వోర్న్ ట్రాన్స్‌లేటర్ చేయాలి, వాళ్ళ లిస్టు భాషలవారీగా ఆ శాఖ సైట్‌లోనే ఉంటది, Traductores e Intérpretes Jurados అని వెతకండి. ఇంగ్లీష్ వాళ్ళు బోలెడుమంది. తెలుగు కోసం వెతుక్కుంటూ కూర్చోకండి, నేను వెతికి విసిగిపోయా.

అందుకే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి ఇంగ్లీషులో కాపీ ఇస్తారేమో అడగండి. తెలుగు నుంచి ఇంగ్లీషు అక్కడ ఒకళ్ళు, ఇంగ్లీషు నుంచి స్పానిష్ ఇక్కడ ఇంకొకళ్ళు అంటే మధ్యలో కాగితానికి ఎవరు పూచీ? బాబుది కార్పొరేషన్ సర్టిఫికెట్ కదా, రెండు భాషల్లో ఉంటే గొడవ లేదు.

ఆ తర్వాత అపోస్టిల్, ఆఖర్న ట్రాన్స్‌లేషన్. ఈ ఆర్డర్ తిప్పొద్దు. అపోస్టిల్ అంటే స్టేట్ అటెస్టేషన్ అయ్యాక మన విదేశాంగ శాఖ, అదే ఎంఈఏ వాళ్ళు సర్టిఫికెట్‌కి అంటించే స్టిక్కర్, దాని మీద నంబర్ ఉంటది. ట్రాన్స్‌లేటర్ కాగితం మీద ఉన్నదంతా మార్చాలి, రబ్బరు స్టాంపులు, ఈ స్టిక్కర్‌తో సహా. నేను మా ఆవిడ సర్టిఫికెట్ ముందువైపే స్కాన్ తీసి పంపా, స్టిక్కరేమో వెనకాల ఉంది. ట్రాన్స్‌లేషన్ చక్కగా వచ్చింది, కౌంటర్లో ఆమె వెనక్కి తిప్పి చూసి, ఇది ఇందులో లేదు అని ఫైలు మొత్తం వెనక్కిచ్చేసింది. మళ్ళీ డబ్బులు, మళ్ళీ రెండు వారాలు.

లక్ష్మి, మంగళగిరి: నాదొక డౌటండి. మ్యారేజ్ సర్టిఫికెట్లో మా వారి ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ట్రాన్స్‌లేటర్‌కి పాస్‌పోర్టు పంపితే పూర్తిగా రాసేస్తారు కదా?

రమేష్, విజయవాడ: ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ ఇస్తే చాలమ్మా.

కిరణ్, వలెన్సియా: రాయరండి. కాగితంలో ఏముంటే అదే రాసి, ఇది నమ్మకమైన, పూర్తి అనువాదం అని కింద సంతకం పెడతారు, పేరు సరిచేస్తే ఆ మాట అబద్ధం అవుతది. సరిచేయాల్సింది రిజిస్టర్‌లో. బర్త్ సర్టిఫికెట్‌లో తప్పుంటే జనన మరణాల చట్టం సెక్షన్ 15 కింద రిజిస్ట్రార్‌కి అప్లికేషన్ పెట్టొచ్చు. మ్యారేజ్‌ది సబ్ రిజిస్ట్రార్‌ని అడగండి. ఏదైనా స్టిక్కర్ అంటించకముందే చేయించుకోండి, కొత్త కాగితం ఇస్తే పాత స్టిక్కర్ దానికి చెల్లదు. రమేష్ గారు చెప్పిన అఫిడవిట్ కొందరికి నడిచింది, కొందరికి నడవలేదు, దాని మీదే ఆధారపడొద్దు.

శిరీష, గుంటూరు: చాలా థాంక్స్ అన్నా. బాబు సర్టిఫికెట్‌కి నేను పాడవకుండా లామినేషన్ చేయించేశాను 😟

కిరణ్, వలెన్సియా: లామినేషన్ మీద స్టిక్కర్ అంటించరమ్మా, దాన్ని పీకే ప్రయత్నం చేయొద్దు, కాగితం చిరుగుద్ది. కార్పొరేషన్‌లో ఇంకో కాపీ తీసుకో.

శిరీష, గుంటూరు: పది రోజుల తర్వాత రాస్తున్నా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇంగ్లీష్ కాపీ ఇచ్చారు, బాబుది కొత్తది తీసుకున్నా, రెండూ అపోస్టిల్‌కి వెళ్ళాయి. లిస్టులో ఒకామెకి మెయిల్ పెడితే రెండు వైపులా స్కాన్ చాలు, ఒరిజినల్ పంపక్కర్లేదు, డిజిటల్ సంతకంతో పీడీఎఫ్ ఇస్తా అన్నారు. ఆ పీడీఎఫ్ ప్రింట్ తీసి వీసా సెంటర్లో ఇస్తే తీసుకుంటారా, స్టాంపున్న పేపరే కావాలా?

కిరణ్, వలెన్సియా: ఇక్కడి ఆఫీసుల్లో నా పీడీఎఫ్ తీసుకున్నారు. అక్కడ వీసా సెంటర్లో మా తమ్ముడి ఫ్రెండ్‌ని మాత్రం పేపర్ అడిగారంట. అపాయింట్‌మెంట్‌కి ముందే వాళ్ళకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకో, ఆమెని పేపర్ కాపీ కూడా కొరియర్ చేస్తారేమో ఇప్పుడే అడుగు, స్పెయిన్ నుంచి గుంటూరుకి కవరు రావడానికి టైం పడతది.