70 వేలలో ఎడిటింగ్ సిస్టమ్: ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా? షాపు కోట్ పెట్టాను, చూసి చెప్పండి

మధు, గుంటూరు
అందరికీ నమస్కారం. అరండల్‌పేటలో మాది చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తాం. పాత కెమెరాతో ఏ ఇబ్బందీ లేదు. మాఘమాసం ముహూర్తాలకి ముందు కొత్త సోనీ కెమెరాలు రెండు కొని 4కేలో తీయడం మొదలుపెట్టాం. అప్పట్నుంచీ నా ల్యాప్‌టాప్ మొండికేసింది. రైజెన్ 5, 8 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్. ప్రీమియర్‌లో ఒక్క క్లిప్ వేసి స్పేస్ బార్ కొడితే రెండు సెకన్లు ఆడి నిలబడిపోతుంది. మొన్న జీలకర్ర బెల్లం ఒక్కటి కట్ చేయడానికే గంటన్నర పట్టింది.

బ్రాడీపేటలో ఒక షాపులో కోట్ తీసుకున్నా: ఐ5 12400ఎఫ్, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, లైట్లు వెలిగే క్యాబినెట్. 70 వేల లోపే అవుతుంది. మానిటర్ ఉంది. మా బావమరిది మాత్రం ల్యాప్‌టాప్ అయితే ఫంక్షన్‌కి పట్టుకెళ్లొచ్చంటున్నాడు. ఏం చేయమంటారు?

చిన్నా
బ్రో, 8 జీబీ ర్యామ్‌తో 4కే ఏంటి! ప్రాబ్లమ్ అదే. 32 వెయ్. 512 ఎస్ఎస్‌డీ తీసేసి సెకనుకి 7000 ఎంబీ చదివే జెన్ 4 వెయ్. గ్రాఫిక్స్ ఎంత పెద్దదైతే అంత మంచిది. టైమ్‌లైన్ వెన్నలా పోతుంది.

పద్మజ, తెనాలి
నాదీ ఇదే బాధ అండీ. ఫోన్‌లో వంట వీడియోలు తీస్తాను. ఎడిటింగ్‌లో పెట్టాక పది నిమిషాలు దాటితే మాటకీ పెదాలకీ పొంతన ఉండదు. కొత్త ల్యాప్‌టాప్ కొంటే పోతుందా?

రఫీ, గవర్నర్‌పేట
పద్మజ గారూ, మీది వేరే జబ్బు, దానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఫోన్ ఒకే వేగంతో ఫ్రేములు తీయదు, వెలుతురుని బట్టి మారుస్తుంది. హ్యాండ్‌బ్రేక్‌లో `Constant Framerate` పెట్టి ఒకసారి మార్చుకుని, ఆ ఫైల్‌ని ఎడిట్ చేయండి.

మధూ, కోట్ తర్వాత మాట్లాడదాం. ముందు నీ కెమెరా ఏ రకం ఫైల్ ఇస్తోందో చూడాలి. మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఒక క్లిప్ అందులోకి లాగి, వీడియో భాగంలో కనపడేది ఇక్కడ పెట్టు.

మధు
ఇదిగో అన్నా:

```
Format             : HEVC
Bit rate           : 200 Mb/s
Chroma subsampling : 4:2:2
Bit depth          : 10 bits
```

రఫీ
అనుకున్నదే. మూడో వరుస చూశావా? మొత్తం కథ అక్కడుంది.

HEVC అన్నా హెచ్ 265 అన్నా ఒకటే. ఆ ఫైల్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. ముందు వెనక ఫ్రేములతో పోల్చి, మారినంత వరకే రాసి దాస్తుంది. ఆడించాలంటే ఆ ముడులన్నీ అప్పటికప్పుడు విప్పాలి. ఆ పనికి చిప్‌లోనే విడిగా ఒక యంత్రం ఉంటుంది. అది విప్పితే ప్రాసెసర్‌కి తెలియను కూడా తెలియదు. ఆ యంత్రానికి అర్థంకాని రకం ఫైల్ ఇస్తే బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. నీ 4:2:2 10 బిట్ ఫైల్ నీ రైజెన్‌కీ అర్థం కాదు, అందులో ఉన్న గ్రాఫిక్స్‌కీ అర్థం కాదు. 32 జీబీ వేసినా అంతే ఆగుతుంది.

ఇంటెల్‌లో 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్ ఈ రకాన్ని విప్పగలదు. కానీ షాపువాడు రాసిచ్చింది 12400ఎఫ్. చివర ఎఫ్ ఉంటే ఆ సొంత గ్రాఫిక్స్ పనిచేయదని అర్థం. నీకు కావలసిన ముక్క ఒక్కటే తీసేసి మిగతావన్నీ ఇస్తున్నాడు. అతని తప్పు కూడా కాదులే, గేమ్స్ ఆడేవాళ్లకి ఆ కోట్ సరిగ్గా సరిపోతుంది. ఎఫ్ లేని 12400 అడుగు. తేడా ఎంతో అక్కడే అడిగి తెలుసుకో, క్యాబినెట్ లైట్లు మానేస్తే చాలావరకు కలిసొస్తుంది.

చిన్నా
అన్నా, ఎన్‌విడియా కార్డు కూడా హెచ్ 265 విప్పుతుంది కదా. నా 3060లో బ్రహ్మాండంగా ఆడుతోంది.

రఫీ
నువ్వు ఏ ఫైల్‌తో ఆడిస్తున్నావో చూడు తమ్ముడూ. డ్రోన్ అయి ఉంటుంది, లేదా ఫోన్. అవి రంగు వివరం తక్కువగా దాచే 4:2:0. దాన్ని ఈ కాలం కార్డులన్నీ విప్పుతాయి. ఎన్‌విడియా 4:2:2 విప్పడం మొదలుపెట్టింది 50 సిరీస్ నుంచే. 3050, 3060, 4060 ఏవీ విప్పవు.

నీ 7000 సంగతి కూడా లెక్క వేద్దాం. 200 మెగాబిట్లంటే సెకనుకి 25 మెగాబైట్లు. రెండు కెమెరాలు కలిపి ఆడించినా 50. సాటా ఎస్ఎస్‌డీ 500 చదువుతుంది. 7000 ఉన్నా మిగతాదంతా ఖాళీగా కూర్చుంటుంది.

మధూ, నీకు ఎస్ఎస్‌డీ వేగం కన్నా చోటు ముఖ్యం. గంట ఫుటేజీకి 90 జీబీ. రెండు కెమెరాలూ చెరో మూడు గంటలు తిరిగాయంటే 540. 512 డిస్క్‌లో ఒక్క పెళ్లి కూడా పట్టదు. 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ తీసుకో, చేతిలో ఉన్న పెళ్లి దాని మీదే ఎడిట్ చెయ్, ఆల్బమ్ ఇచ్చేశాక హార్డ్ డిస్క్‌కి మార్చు. మరీ చవక రకం కొనకు. వాటిలో కాపీ మొదలైనప్పుడు వేగంగా పోతుంది, ఓ వంద జీబీ దాటాక హార్డ్ డిస్క్ కన్నా నీరసంగా ఈడుస్తుంది. ఫంక్షన్ నుంచి రాత్రి రెండింటికి వచ్చి కార్డులు కాపీ పెట్టినప్పుడు తెలుస్తుంది ఆ బాధ.

శ్రీధర్
ఇంత తలనొప్పి దేనికండీ, ఎం4 మ్యాక్ మినీ తీసుకోమనండి. 2024లో వచ్చినప్పుడు మొదటి మోడల్ ధర 59,900. యాపిల్ ఎం సిరీస్ చిప్పులన్నీ ఈ ఫైళ్లు విప్పుతాయి. కరెంటు కూడా తక్కువ తింటుంది, మా ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తోంది.

రఫీ
కాదనను శ్రీధర్ గారూ, ఈ ఫైళ్లకి అది నిజంగా మంచి పెట్టె. కానీ ఆ మొదటి మోడల్లో 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్. ర్యామ్ ఎప్పటికీ పెంచలేం. బయట ఎస్ఎస్‌డీ తప్పనిసరి, దాని ఖరీదు కలిపి చూడాలి. మధు దగ్గర ఆల్బమ్ సాఫ్ట్‌వేర్, కరిజ్మా టెంప్లేట్లు అన్నీ విండోస్‌వి అయితే ఇంకో చిక్కు.

మధు
అవునన్నా, ఆల్బమ్ పనంతా విండోస్‌లోనే. మరి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదా? తీసేస్తే ర్యామ్ 32 చేయించుకోవచ్చు.

రఫీ
ఉంచు. ఫైల్ విప్పేది ఇంటెల్, విప్పాక రంగు దిద్దడం, సైజు మార్చడం, టైటిల్స్ కలపడం గ్రాఫిక్స్ కార్డు పని. 12400లో ఉన్న సొంత గ్రాఫిక్స్ ఆ బరువు మోయలేదు. నీ పనికి 3050 6 జీబీ చాలు. రాత్రి బారాత్‌లో గ్రెయిన్ తీసే ప్లగిన్లు వేస్తే మాత్రం 6 జీబీ నిండిపోయి ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఆ ఎఫెక్ట్ ఒక్కో షాట్‌కి విడిగా రెండర్ చేసుకోవాలి.

ర్యామ్ 16 ఒకటే స్టిక్‌గా తీసుకో. ఆ బోర్డులో సాధారణంగా రెండే స్లాట్లు ఉంటాయి. రెండు 8లు పెడితే రేపు పెంచాలంటే రెండూ తీసి పారెయ్యాలి.

చిన్నా
దీనికి మాత్రం ఒప్పుకోనన్నా. ఒక్క స్టిక్ అంటే సింగిల్ ఛానల్, ర్యామ్ వేగం సగం. ఈ మధ్య ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూశావా? రెండో స్టిక్ తర్వాత కొందామంటే ఆ తర్వాత రాదు.

రఫీ
ధరల సంగతి నువ్వన్నది నిజమే. నా లెక్కలో ఎడిటింగ్‌లో ఆ సగం అంతగా తెలియదు, ఖాళీ లేక డిస్క్ మీదకి పోతే వెంటనే తెలుస్తుంది. నీ లెక్క నీది.

మధూ, ఆదివారం నీ క్లిప్ పెన్ డ్రైవ్‌లో వేసుకుని మా దగ్గరికి రా. నా దగ్గర 12400 ఉంది. కళ్లతో చూసి కొనుక్కో.

మధు
వెళ్లొచ్చాను, చెబుతాను వినండి. అన్న టాస్క్ మేనేజర్ తెరిచి, `Performance`లో ఇంటెల్ `GPU` పక్కన పెట్టి నా క్లిప్ ఆడించాడు. `Video Decode` గ్రాఫ్ లేచింది, ప్రాసెసర్ 20 దగ్గర తిరుగుతోంది, పురోహితుడు మంత్రం ఆపకుండా చదువుతున్నాడు. తర్వాత ప్రీమియర్ `Preferences`, `Media`లో హార్డ్‌వేర్ డీకోడింగ్ టిక్కు తీసేసి మళ్లీ తెరిచాడు. అదే క్లిప్. డీకోడ్ గ్రాఫ్ నేలకి అంటుకుంది, ప్రాసెసర్ 100, అచ్చం మా ఇంట్లో ల్యాప్‌టాప్ లాగే పురోహితుడు నోరు తెరిచి ఉండిపోయాడు. అదే పరీక్ష ఇంటికొచ్చి నా రైజెన్ మీద చేస్తే గ్రాఫ్ సున్నా.

మూడు క్లిప్పులు ఒకదాని మీద ఒకటి వేస్తే మాత్రం అన్న సిస్టమ్ కూడా తడబడింది.

రఫీ
అది దాని హద్దు. మల్టీకామ్ చేసేటప్పుడు క్లిప్పులన్నీ ఎంచుకుని రైట్ క్లిక్ చేసి, `Proxy`లో `Create Proxies` పెట్టి భోజనానికి వెళ్లు. ఆ చిన్న కాపీలతో కట్ చేసుకో, ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ల నుంచే జరుగుతుంది. నిజానికి నీ పాత ల్యాప్‌టాప్‌లోనూ ఇలా చేసుకోవచ్చు. కాకపోతే ప్రాక్సీలు తయారవడానికే అందులో రాత్రంతా పడుతుంది.

మధు బావమరిది
అన్నా, నేనే ఆ బావమరిదిని. రిసెప్షన్‌లో పొద్దున పెళ్లి హైలైట్స్ వేసి చూపించమని పార్టీలు అడుగుతున్నారు. డెస్క్‌టాప్ మోసుకెళ్లలేం కదా?

రఫీ
నెలకి ఎన్ని అడుగుతున్నారు? ఒకటీ అరా అయితే ఆ రోజుకి కెమెరాలో 4:2:0 పెట్టి తీయండి, పాత ల్యాప్‌టాప్ లాగేస్తుంది. వారానికి రెండు ఉంటే ల్యాప్‌టాపే కరెక్టు. అప్పుడు ఇంటెల్ ప్రాసెసర్, ర్యామ్ పెంచుకునే స్లాటు ఉన్నది చూడాలి. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాపుల్లో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే నడిచే మోడ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే ఇంటెల్ గ్రాఫిక్స్ మాయమై మళ్లీ మొదటికొస్తారు. ఇంకోటి, మే నెలలో మన ఊళ్లో ఫంక్షన్ హాలు వెనక గదిలో ఏసీ లేకుండా ల్యాప్‌టాప్ ఎంతసేపు పూర్తి వేగంతో నడుస్తుందో నేను హామీ ఇవ్వలేను.

మధు బావమరిది
నెలకి రెండో మూడో. మా ఇద్దరికీ ఇంకా తేలలేదు.

మధు
తేలింది, డెస్క్‌టాప్ తెచ్చేశాను! ఎఫ్ లేని 12400, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 16 ఒకటే స్టిక్, 3050, మామూలు నల్ల క్యాబినెట్. కానీ అన్నా, టాస్క్ మేనేజర్‌లో ఎన్‌విడియా ఒక్కటే కనపడుతోంది. క్లిప్ మళ్లీ ఆగుతోంది. షాపువాడు ఎఫ్ అంటగట్టాడంటావా?

రఫీ
బిల్లు, డబ్బా మీద అక్షరం చూడు. అక్కడ సరిగ్గా ఉంటే కంగారు లేదు. కార్డు పెట్టగానే కొన్ని బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని వాటంతటవే ఆపేస్తాయి. బయాస్‌లోకి వెళ్లి `iGPU Multi-Monitor` లాంటి పేరు వెతుకు. కంపెనీని బట్టి `IGD` అనో `Internal Graphics` అనో ఉంటుంది. `Enabled` చేసి సేవ్ చెయ్. విండోస్ వచ్చాక ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేసుకో. మానిటర్ కేబుల్ ఎన్‌విడియా కార్డుకే ఉండనీ.

మధు
డబ్బా మీద ఎఫ్ లేదు. బయాస్‌లో `Auto` ఉంది, `Enabled` చేశా. రెండు GPUలూ వచ్చాయి. జీలకర్ర బెల్లం ఆగకుండా ఆడింది అన్నా.

చిన్నా
ర్యామ్ ఎంత వాడుతోంది?

మధు
16లో 13.8. క్రోమ్ మూసేశాక.