30 పడకల వార్డు, 1:6 నిష్పత్తి: ఎంతమంది నర్సులను పెట్టుకోవాలి?

వంశధార_ఒడ్డు (శ్రీకాకుళం)
నేను 30 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో లెక్కలు చూస్తాను. మా నిబంధనల కాగితంలో "నర్సులు 1:6" అని మాత్రమే ఉంది. యజమాని ఐదుగురు చాలంటున్నారు. ఇన్‌చార్జి సిస్టర్ 21 మంది కావాలంటున్నారు. ఇంత తేడా ఎలా వచ్చింది? ఎవరి లెక్క సరైనది?

జమాఖర్చు (విజయనగరం)
ఇద్దరిదీ కాదు. 30ని 6తో భాగిస్తే షిఫ్టుకు 5. మూడు షిఫ్టులకు 15. సెలవుల కోసం 30 శాతం కలపండి, 19.5 వస్తుంది. అంటే 20. నేను రెండు నర్సింగ్ హోములకు జీతాల పట్టీ రాస్తాను, ఇదే పద్ధతి. 21వ మనిషి ఎక్కడి నుంచి వచ్చారో మీ సిస్టర్‌ను అడగండి.

పాత_మేట్రన్ (విజయనగరం)
బాబూ, ముందు ఆ కాగితంలో "షిఫ్టుకు" అనే మాట ఉందో లేదో చూడండి. గొడవంతా అక్కడే ఉంది. నర్సింగ్ వృత్తి మీద కేంద్రం వేసిన హై పవర్ కమిటీ 1989లో ఇచ్చిన ప్రమాణాల్లో వార్డు నర్సులకు 1:3 అని రాసి, ఆ పక్కనే "లేదా షిఫ్టుకు 1:9" అని కూడా రాశారు. సెలవులకు 30 శాతం అదనం. అంటే ఆ 1:3 రోజు మొత్తానికి. ఏ క్షణంలో చూసినా వార్డులో తొమ్మిది మందికి ఒక్క నర్సే. చాలామంది మొదటి అంకె చదివి ఆగిపోతారు.

మీ యజమాని 1:6ను జీతాల పట్టీలో ఉండే పేర్ల సంఖ్యగా చదువుతున్నారు. వారాంతపు సెలవులూ ఇతర సెలవులూ పోగా ఐదుగురితో రోజుకు నాలుగు డ్యూటీలు కూడా నిండవు. షిఫ్టుకు ఒక్కరు. ముప్పై మందికి ఒక్కరు. మీ సిస్టర్ షిఫ్టుకు 1:6 అని చదివారు. వార్డులో నిలబడే మనిషికి అర్థమయ్యేది అదొక్కటే. 21 ఎలా వచ్చిందో చెబుతాను.

రోజుకు 15 డ్యూటీలు, ఏడాదికి 5,475. ఒక నర్సు ఏడాదిలో నిజంగా వచ్చే రోజులు ఎన్ని? 365లోంచి వారాంతపు సెలవులు 52, రాత్రి డ్యూటీల తరువాత విశ్రాంతికి నెలకొకటి చొప్పున ఇచ్చే నైట్ ఆఫ్‌లు 12, మిగతా సెలవులన్నీ కలిపి 31 తీసేయండి. 270 మిగులుతాయి. 5,475ను 270తో భాగిస్తే 20.3. మనిషిని ముక్కలు చేయలేం కాబట్టి 21. ఆ 31 మీ ఆసుపత్రిలో వేరుగా ఉండవచ్చు. హాజరు పుస్తకం చూసి మీ అంకె వేసుకోండి.

జమాఖర్చు
మేడమ్ గారూ, మీ లెక్కే నా మాటను బలపరుస్తోంది. గైర్హాజరు 95 రోజులు, అంటే 26 శాతం. నేను 30 శాతం కలిపాను. కావలసినదానికంటే ఎక్కువే ఇచ్చాను. అలాంటప్పుడు 20 ఎలా తక్కువవుతుంది?

నాగావళి_నీరు
మా అమ్మ ఉన్న వృద్ధాశ్రమంలో 24 మంది పెద్దవాళ్లు, ఆరుగురు ఆయాలు. నలుగురికి ఒకరని చేర్చుకునేటప్పుడు చెప్పారు. మొన్న రాత్రి రెండు గంటలకు అమ్మ మంచం దిగబోయి పడింది. నేను వెళ్లేసరికి ఆ భవనం మొత్తానికి ఒక్క ఆయా ఉంది. మిగతా ఐదుగురు పని ఎగ్గొట్టి ఇంటికి పోయారు. ముందు క్రమశిక్షణ గురించి మాట్లాడండి, లెక్కలు తరువాత.

పాత_మేట్రన్
నాగావళి గారూ, అమ్మగారు ఎలా ఉన్నారు? ఎముకకు ఏమీ కాలేదు కదా?

ఆ ఐదుగురూ పని ఎగ్గొట్టారని నేను అనుకోవడం లేదు. ఆరు పేర్లను మూడు షిఫ్టులకు పంచి, వారాంతపు సెలవులు ఇస్తే రాత్రికి ఒక్కరే మిగులుతారు. మీకు చెప్పిన 1:4 పేర్ల లెక్క. రాత్రి మీరు చూసిన 1:24 మనుషుల లెక్క. ఆ ఒక్క ఆయాను నిందించకండి.

జమాఖర్చు గారూ, మీరు 26 శాతం దేనిలో భాగమో మరిచారు. అది వచ్చినవాళ్లలో భాగం కాదు, పేర్లున్నవాళ్లలో భాగం. నూరు పేర్లుంటే 74 మంది వస్తారు. కాబట్టి 15ను 0.74తో భాగించాలి కానీ 15కు 26 శాతం కలపకూడదు. కలిపితే 19 దగ్గర ఆగిపోతారు. మీ 20ని వెనక్కి తిప్పి చూడండి: 20ని 270తో గుణిస్తే 5,400. కావలసినవి 5,475. ఏడాదికి 75 డ్యూటీలకు మనిషి లేరు.

జమాఖర్చు
ఏడాదికి 75 అంటే ఐదు రోజులకు ఒకటి. దానికోసం ఒక పూర్తి జీతం పెట్టాలా? ఎవరో ఒకరు సర్దుకుంటారు.

బొబ్బిలి_సిస్టర్
ఆ ఎవరో ఒకరు నేనే, సార్. పేరు చెప్పను, ఒక ఆసుపత్రిలో మూడేళ్లు చేశాను. ఉదయం ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, ఎనిమిది నుంచి తెల్లవారి ఎనిమిది. మధ్యాహ్నం రావలసిన అమ్మాయి రాకపోతే ఉదయం వచ్చిన నన్నే రాత్రి దాకా ఉంచేవారు. ఒకసారి పన్నెండు గంటలు నిలబడ్డాక ఇంజెక్షన్ మోతాదు గీత తప్పు చదివాను. పక్క సిస్టర్ చూసి ఆపింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీరు "సర్దుకుంటారు" అన్న మాట మా ఒంటి మీద పడుతుంది.

ఇంకొక విషయం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారంలో మా వార్డులో తొమ్మిది మంది సెలవు అడిగారు. సంక్రాంతికీ అంతే. 270 అనే సగటు ఆ వారంలో ఎవరినీ కాపాడలేదు.

పలాస_డయాలసిస్
మా దగ్గర పడకలతో లెక్క వేయరు. మిషన్లు ఎన్ని, రోజుకు ఎన్ని విడతలు అని చూస్తారు. విడత మారే అరగంటలోనే పని రెట్టింపు. ఈ సూత్రం మాకు పనికిరాదు.

జమాఖర్చు
సిస్టర్, మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఇక్కడ అందరూ ఆసుపత్రి అంటే గని అనుకుంటున్నారు. నేను పట్టీ రాసే చోట రెండు నెలలుగా జీతాలు ఆలస్యం. 30 పడకలున్నాయని 30 మంది రోగులు ఉండరు. సగటున 22 మంది. 22కు షిఫ్టుకు నలుగురు చాలు. రోజుకు 12 డ్యూటీలు, మీ 270 లెక్కతోనే వేస్తే 17 మంది. ఖాళీ మంచాలకు నర్సును కూర్చోబెట్టి జీతం ఎవరు ఇస్తారు? మీ ఇరవై ఒకటి ఇస్తే రేపు ఆసుపత్రే ఉండదు. అప్పుడు అందరి ఉద్యోగాలూ పోతాయి.

బొబ్బిలి_సిస్టర్
ఖాళీ మంచాలు సాయంత్రానికి నిండుతాయి, సార్. మీ సగటు చూసుకుని రాత్రి ఇద్దరినే పెట్టినప్పుడు 27 మందిని చూసింది మేము. మీరు కాదు.

పాత_మేట్రన్
ఇప్పుడు అసలు మాటకు వచ్చారు. 20కీ 21కీ మధ్య కాదు మీ తగాదా. పడకలను లెక్కపెట్టాలా, రోగులనా అన్నదే. జమాఖర్చు గారి ప్రశ్న న్యాయమైనదే. మూడు దశాబ్దాలు నేనూ దానితో కుస్తీ పట్టాను. కానీ సగటు చూడకండి. 1:6 అయితే 24 మంది వరకు నలుగురు చాలు, 25వ రోగి చేరగానే ఐదుగురు కావాలి. కాబట్టి అడగవలసింది ఒక్కటే: 24 దాటిన రోజులు ఎన్ని? సగటు 22 ఉన్న వార్డు నెలలో సగం రోజులు 24 దాటవచ్చు, ఒక్క రోజూ దాటకపోవచ్చు. అర్ధరాత్రి రోగుల సంఖ్య రాసే రిజిస్టరు మీ ఆసుపత్రిలోనూ ఉంటుంది. మూడు నెలలవి తీసి 24 దాటిన ప్రతి తేదీకీ గీత గీయండి.

సిరిమాను గురించి సిస్టర్ చెప్పింది నిజం. ఏడాది లెక్క ఎంతమందిని పెట్టుకోవాలో చెబుతుంది, ఆ వారం ఎవరు వస్తారో చెప్పదు. మా వార్డులో పండుగ సెలవు ఒకేసారి ఎంతమందికి ఇవ్వవచ్చో ముందే రాసి గోడకు అంటించేదాన్ని. నిరుడు తీసుకున్నవాళ్లకు ఈసారి లేదు. నన్ను తిట్టుకున్నవాళ్లున్నారు. అయినా షిఫ్టు ఖాళీ కాలేదు.

నా లెక్కలోనూ ఒక లోపం ఉంది. నేను డ్యూటీలన్నీ ఎనిమిది గంటలుగా చూశాను. సిస్టర్ చెప్పినట్లు మన వైపు రాత్రి పన్నెండు గంటలు. గంటల్లో వేసినా మొత్తం మారదు: ఐదుగురు చొప్పున రోజుకు 120 గంటలు, అవి 15 ఎనిమిది గంటల డ్యూటీలే. కానీ అందులో 60 గంటలు రాత్రివి. పనిగంటల్లో సగం రాత్రి ఉన్నప్పుడు రోస్టర్ రాసేవారు నైట్ ఆఫ్‌ను దయగా ఇచ్చే సెలవులా చూడకూడదు.

వంశధార_ఒడ్డు
ఈ ఉదయం రిజిస్టరు తీశాను. జూలై నుంచి సెప్టెంబరు వరకు 92 రాత్రులు. 24 దాటినవి 37. జ్వరాల కాలం కాబట్టి మిగతా నెలల్లో తగ్గవచ్చు. 17 మందిని పెట్టుకుని, ఆ 37 రోజులకు ఫోన్ చేసి పిలిస్తే సరిపోతుందా?

జమాఖర్చు
నేను చెప్పేది అదే. పిలిస్తే వచ్చేవాళ్ల జాబితా ఒకటి పెట్టుకోండి. వచ్చిన రోజుకే డబ్బు.

బొబ్బిలి_సిస్టర్
రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే నేను ఏ బస్సు ఎక్కి రావాలి? పగలైతే వస్తాను. రాత్రికి పిలుపు మీద ఆధారపడకండి.

పాత_మేట్రన్
పగటి రెండు షిఫ్టులకు పిలుపు జాబితా పనిచేస్తుంది, నేను చూశాను. రాత్రికి మాత్రం ఐదుగురిని రోస్టర్‌లోనే ఉంచాలని నా పట్టుదల. రాత్రి ఐదుగురు, పగలు నలుగురు చొప్పున గంటలు వేయండి. పగలు 48, రాత్రి 60, మొత్తం 108. ఎనిమిదితో భాగిస్తే 13.5 డ్యూటీలు. 365తో గుణించి 270తో భాగిస్తే 18.25. అంటే 19 మంది, పైన పిలుపు జాబితా.

జమాఖర్చు
పగలు పిలిచి రాత్రికి పూర్తి బలం పెట్టడం తలకిందుల పద్ధతి. డాక్టర్ల రౌండ్లు, డిశ్చార్జిలు, కొత్త చేరికలు పగలే జరుగుతాయి. నేను ఒప్పుకోను.

బొబ్బిలి_సిస్టర్
పగలు డాక్టరు ఉంటారు, ఇన్‌చార్జి ఉంటారు, రోగి బంధువులు ఉంటారు. రాత్రి మేమే. వంశధార గారూ, ఒక్కటి చూడండి. మీ ఉదయం షిఫ్టు పేర్లలో ఇన్‌చార్జి సిస్టర్ ఉన్నారా? మా దగ్గర ఆమెనూ, శిక్షణకు వచ్చిన ఇద్దరు విద్యార్థినులనూ కలిపి ఐదుగురు అని రాసేవారు. ఆమె ఇండెంట్లు, రౌండ్లు, ఫిర్యాదులు చూసుకుంటుంది. ఆరుగురు రోగులను ఆమెకు అప్పగించలేరు.

వంశధార_ఒడ్డు
రోస్టర్ తెచ్చి చూశాను. ఉదయం ఐదు పేర్లున్నాయి. మొదటిది ఇన్‌చార్జిది, చివరిది మూడో సంవత్సరం విద్యార్థినిది. యజమానితో మాట్లాడే ముందు ఈ రెండు పేర్లకూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. రేపు సాయంత్రం కూర్చుంటాం. 19 లెక్కను, రిజిస్టరులో గీసిన 37 గీతలను పక్కపక్కనే పెడతాను.