"ఎత్తు 80 శాతం వంశపారంపర్యం": ఈ వాక్యం సరైనదేనా?

పదాన్వేషి: ఒక ఆరోగ్య వ్యాసం అనువదిస్తున్నాను. ఎత్తు హెరిటబిలిటీ 80 శాతం అన్నచోట "ఎత్తు 80 శాతం వంశపారంపర్యం" అని రాశాను. చదివిన స్నేహితురాలు "అయితే నా ఐదడుగుల్లో నాలుగడుగులు అమ్మానాన్నలు ఇచ్చినవేనన్నమాట" అంది. మాట మార్చాలా, వాక్యమే మార్చాలా?

పాత పంతులు: మాట మంచిదే, మార్చకండి. ఒక మనిషి ఎత్తును అలా అడుగుల్లో పంచలేమన్నది మాత్రం నిజం. 80 శాతం జన్యువుల చేతిలో ఉంది, మిగతా 20 శాతమే మన చేతిలో ఉంది అని వివరిస్తే సరిపోతుంది.

జన్యుపాఠం: పంతులుగారూ, పంచలేమన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. "మన చేతిలో 20 శాతమే" అన్నదే చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. హెరిటబిలిటీ అనే ఈ అంకె ఒక మనిషి గురించి కాదు, ఒక గుంపులో మనుషుల మధ్య ఉన్న తేడాల గురించి. అందరూ ఒకే ఎత్తు ఉండరు కదా, ఆ హెచ్చుతగ్గుల్లో ఎంత భాగం జన్యువుల్లోని తేడాలతో ముడిపడి ఉందో చెబుతుంది. అది కూడా ఆ గుంపులో, ఆ కాలంలో, ఆ పరిస్థితుల్లోనే.

లెక్క ఎలా వస్తుందో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పోలికే లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1 అనే కొలతలో, ఒకే అండం నుంచి వచ్చిన కవలల ఎత్తుల మధ్య పోలిక 0.9 అనుకోండి. వేర్వేరు అండాల కవలల మధ్య 0.5 అనుకోండి. తేడా 0.4. రెండో రకం కవలలు, మనుషుల మధ్య మారే జన్యువుల్లో సగటున సగమే పంచుకుంటారు. అందుకే ఆ తేడా జన్యువుల ప్రభావంలో సగాన్నే చూపిస్తుంది. రెట్టింపు చేస్తే 0.8, అంటే 80 శాతం. ఇందులో ఏ ఒక్కరి ఎత్తూ ఎక్కడా విడిగా లేదు.

కవలల నాన్న: మా ఇద్దరబ్బాయిలూ ఒకే అండం కవలలు. ఒకడు పుస్తకం వదలడు, ఇంకొకడు ముట్టుకోడు. అంటే చదువు మీద ఆసక్తి పెంపకం వల్లే వస్తుందని తేలిపోయినట్టేగా?

జన్యుపాఠం: జన్యువులే సర్వస్వం కాదని మీ పిల్లలు చూపిస్తున్నారు, అంతవరకు నిజమే. కానీ ఇద్దర్నీ పెంచింది మీరే, ఒకే ఇంట్లో. ఆ తేడాకి ఇంటి పెంపకం మొత్తంగా కారణమైతే ఇద్దరికీ ఒకేలా అబ్బాలి. విడివిడిగా ఎదురైన టీచర్లు, స్నేహితులు, జబ్బులు, ఉత్త యాదృచ్ఛికం, వీటిలో ఏదైనా కావచ్చు. ఒక్క జంటను చూసి శాతం మాత్రం ఎవరూ చెప్పలేరు.

పాత పంతులు: సరే. కానీ అంకె పెద్దదైతే మార్చడం కష్టం అన్నది నిజమే కదా?

జన్యుపాఠం: కాదండీ. 1949లో మేరీ స్కోడక్, హరాల్డ్ స్కీల్స్ అమెరికాలోని అయోవాలో దత్తత వెళ్లిన పిల్లల మీద ప్రచురించిన అధ్యయనం చూడండి. కన్నతల్లుల ఐక్యూ సగటు సుమారు 86, ఆ పిల్లల సగటు సుమారు 106. ఇరవై పాయింట్లు పైకి! అయినా తల్లుల్లో ఎక్కువ స్కోరు వచ్చినవారి పిల్లలకే మొత్తం మీద ఎక్కువ స్కోరు వచ్చింది. వరుస కొంతవరకు నిలిచింది, గుంపు మొత్తం పైకి జరిగింది. మొదటి దాన్నే చూసినవారు జన్యువులే గెలిచాయన్నారు, రెండో దాన్నే చూసినవారు పెంపకమే గెలిచిందన్నారు. రెండూ ఒకే పిల్లల్లో జరిగాయి, రెండింటికీ వైరుధ్యం లేదు.

అయితే ఇక్కడో చిక్కు ఉంది. చదువుకున్న తల్లుల పిల్లల్ని చదువుకున్న ఇళ్లకే ఇచ్చి ఉంటే, తల్లీబిడ్డల పోలికలో కొంత ఆ ఇళ్ల నుంచే వచ్చి ఉండొచ్చు. దత్తత అధ్యయనం చదివినప్పుడల్లా నేను ముందు వెతికేది ఇదే, పిల్లల్ని ఇళ్లకు ఎలా పంచారు అని.

పదాన్వేషి: అయితే "వంశపారంపర్యం" అన్న మాటకీ ఈ అంకెకీ పొత్తు కుదరదేమో?

జన్యుపాఠం: నాకూ కుదరదనే అనిపిస్తుంది. చేతికి ఐదు వేళ్లు రావడం పూర్తిగా జన్యువుల పనే. కానీ వేళ్ల సంఖ్యలో మనకు కనిపించే తేడాలు ఎక్కువగా ప్రమాదాల వల్ల వస్తాయి, కాబట్టి దాని హెరిటబిలిటీ చాలా తక్కువ. "వేళ్ల సంఖ్య వంశపారంపర్యం కాదు" అని తెలుగులో రాస్తే ఎవరు ఒప్పుకుంటారు?

పదాన్వేషి: ప్రస్తుతానికి ఇలా మార్చాను: "ఈ జనాభాలో మనుషుల ఎత్తుల మధ్య ఉన్న తేడాల్లో దాదాపు 80 శాతం జన్యుపరమైన తేడాలతో ముడిపడి ఉంది. మిగతాది పెంపకం."

జన్యుపాఠం: మొదటి వాక్యం బాగుంది. రెండోది వద్దు. గర్భంలో జరిగినవి, చిన్నప్పటి జబ్బులు, చివరికి కొలతలో దొర్లిన పొరపాట్లు కూడా ఆ మిగతాలోనే పడతాయి.

పాత పంతులు: అన్నిటికీ కలిపి "పరిసరాలు" అనొచ్చు. కొలతలో పొరపాటు పరిసరం ఎలా అవుతుందో మాత్రం నాకు మింగుడుపడటం లేదు.

పదాన్వేషి: నాకూ అంతే. "మిగతాది ఇతర కారణాల వల్ల" అని ఉంచుతున్నాను. ఇంతకంటే మంచి మాట తోస్తే ఇక్కడే రాయండి.